బోళ్లు తోమే చేతుల గోళ్లు పొరలుగా ఎందుకు లేస్తాయి?

పొద్దంతా నీళ్లలో ఉండే చేతులకు గోళ్లు పెళుసుగా మారడం వింతగా అనిపిస్తుంది. హన్మకొండ, కాజీపేట టిఫిన్ సెంటర్లలో బోళ్లు తోమే ఆడవాళ్లను, చేపలు కడిగి కోసిచ్చేవాళ్లను, ఇళ్లలో పనిచేసేవాళ్లను అడిగితే చాలామంది ఒకే మాట చెప్తారు: గోటి అంచు పొరలు పొరలుగా లేస్తది, చీర కొంగుకు తగులుకొని చిరుగుతది. నానితే గోరు మెత్తబడాలి గానీ ఇట్లా ఎందుకు విరుగుతుంది?

నానడం ఒక్కటే అయితే ఇంత నష్టం ఉండదు. నానడం, ఆరడం, మళ్లీ నానడం, మళ్లీ ఆరడం – గోటిని దెబ్బతీసేది ఈ వరుస. గోరు అనేది చచ్చిపోయి బల్లపరుపుగా అణిగిన కణాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్న పలక. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. గోరు చర్మం కంటే తొందరగా నీళ్లు పీల్చుకుంటుంది, అంతే తొందరగా వదిలేస్తుంది. పీల్చుకున్నప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. ప్రతిసారీ కణాల పొరలను పట్టి ఉంచే బంధం కొద్దికొద్దిగా సడలుతుంది. బాత్‌రూమ్ ప్లైవుడ్ తలుపును గమనించండి. నీళ్లు తగిలే కింది అంచు దగ్గరే ముందు పొరలు విడుతాయి. గోటికీ అంతే. వేలిని దాటి బయటికి పెరిగిన అంచుకు పైనుంచి, కిందినుంచి, కొసనుంచి కూడా నీళ్లు చేరతాయి. పైగా గోటిలో అది అన్నిటికంటే పాత భాగం, నెలల తరబడి దెబ్బలు తిన్నది.

దీనికి సబ్బు తోడవుతుంది. గోటిలో నూనె పదార్థం ఐదు శాతం కూడా ఉండదు. ఆ కొద్దిపాటి నూనే నీళ్లు తొందరగా ఆవిరైపోకుండా ఆపుతుంది. జిడ్డు వదిలించడానికే తయారైన గిన్నెల సబ్బు దాన్ని కూడా లాక్కుపోతుంది. పెళుసు గోళ్లలో నీళ్లు తక్కువగా ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే మంచి గోటికీ పెళుసు గోటికీ నీటి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందుకే ఎంత నీళ్లున్నాయన్న దానికంటే, రోజుకు ఎన్నిసార్లు తడిసి ఆరిందన్నదే నాకు అసలు ప్రశ్నగా తోస్తుంది.

మా వీధిలో ఒక పెద్దమ్మ టిఫిన్ సెంటర్‌లో పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా బోళ్లు తోముతుంది. "కాల్షియం గోళీలు మింగితే తగ్గుతదన్నరు బిడ్డా, డబ్బా అయిపోయింది గానీ గోళ్లు అట్లనే ఉన్నయి" అని చేతులు చాపింది. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు బాగా పాడయ్యాయి. ఎడమ చేతికి కొంత నయం. గోటి అంచు అడ్డంగా రెండు మూడు రేకులుగా విడి ఉంది. కాలి గోళ్లు మాత్రం నున్నగా ఉన్నాయి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది అదే. ఒంట్లో రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఒక చేతి మూడు వేళ్లనే పట్టుకోదు. ఎక్కువ పని చేసే వేళ్లు మాత్రమే చెడిపోయాయంటే కారణం బయట, పనిలోనే ఉంది.

కాల్షియం సంగతి కూడా చెప్పాలి. గోటిలో కాల్షియం చాలా కొద్దిగా ఉంటుంది, గట్టిదనానికి అది కారణం కాదు. గోటికి బలం కెరటిన్ అనే ప్రోటీన్‌లోని గంధకపు బంధాల వల్ల వస్తుంది. బయోటిన్ అనే విటమిన్ గోళీల మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, వాటిని నమ్ముకొని నీళ్ల సంగతి వదిలేస్తే లాభం లేదు. పైగా బయోటిన్ వేసుకుంటే కొన్ని థైరాయిడ్ రక్తపరీక్షలు తప్పు ఫలితం చూపిస్తాయి. పరీక్షకు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

పెద్దమ్మ పనిలో ముందు మార్చుకోవలసింది వరుసే. నాలుగు ప్లేట్లు రాగానే కడగడం, కొంగుకు చేతులు తుడుచుకొని ఉల్లిగడ్డలు కోయడం, మళ్లీ నాలుగు ప్లేట్లు – ఇట్లా సాగేది. ప్లేట్లను ఒక టబ్బులో నానబెట్టి, పోగయ్యాక ఒకేసారి తోమితే తడిసి ఆరే సార్లు చాలా తగ్గుతాయి. అడుగంటిన దోశ పిండిని బొటనగోటితో గీకే అలవాటు కూడా మానాలి. నానిన గోరు మెత్తగా ఉంటుంది, అప్పుడు దానితో గీకితే సడలిన పొర అక్కడే లేస్తుంది. గీకడానికి చెక్క గరిటె చాలు.

రెండోది గ్లౌజులు. ఒట్టి రబ్బరు గ్లౌజులు వేసుకుంటే, అందులోనూ మన ఎండాకాలంలో, కాసేపట్లోనే లోపల చెమటపట్టి చెయ్యి నానుతుంది. నీళ్లకు బదులు చెమటలో నానినట్టే. అందుకే లోపల పల్చటి నూలు గ్లౌజు, దాని మీద మణికట్టు దాటి వచ్చే వదులు రబ్బరు గ్లౌజు వేసుకోవాలి. నూలు గ్లౌజు తడి అనిపించగానే మార్చాలి కాబట్టి రెండు మూడు జతలు దగ్గర పెట్టుకోవాలి. రబ్బరు గ్లౌజుకు చిల్లుపడితే వాడకూడదు, సబ్బునీళ్లు లోపల చేరి అక్కడే నిలిచిపోతాయి. ఈ ఖర్చు పని ఇచ్చేవాళ్లు పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. అరిగిన పీచుకు బదులు కొత్తది కొనిచ్చేది వాళ్లే కదా.

మూడోది రాత్రి పూట పది నిమిషాలు. గోళ్లను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, తీసి అద్దినట్టు తుడిచి, తడి ఆరకముందే వ్యాజ్‌లైన్ రుద్దాలి. గోటి పైన, అంచు కింద, మొదట్లో చర్మం కలిసేచోట కూడా. నానడం చెడ్డదని చెప్పి మళ్లీ నానబెట్టమంటారా అని పెద్దమ్మే అడిగింది. ఇక్కడ తేడా ఏమిటంటే, గోరు పీల్చిన నీళ్లు చటుక్కున ఆవిరైపోకుండా వ్యాజ్‌లైన్ మూత వేస్తుంది. ఉత్త పొడిగోటి మీద రాస్తే మూయడానికి లోపల పెద్దగా నీళ్లుండవు. పది శాతం యూరియా ఉన్న క్రీమ్ కూడా పనికొస్తుంది, అది నీటిని పట్టి ఉంచుతుంది. చర్మం పగిలిన చోట మాత్రం మండుతుంది. కొబ్బరినూనె ఉంటే అదైనా పర్వాలేదు గానీ వ్యాజ్‌లైన్ ఎక్కువసేపు నిలుస్తుంది.

గోళ్లను పొట్టిగా ఉంచాలి. లేచిన పొరను లాగొద్దు, లాగితే బాగున్న భాగం కూడా చీలుతుంది. సన్నటి ఆకురాయితో ఒకే దిక్కుకు రుద్ది నున్నగా చేయాలి. రంగులేని నెయిల్ పాలిష్ నీళ్లను కొంత ఆపుతుంది గానీ పెచ్చులు తిండిలో పడతాయి కాబట్టి వంటపని చేసేవాళ్లకు నేను చెప్పను. గోళ్లను గట్టిచేస్తాయని అమ్మే ఫార్మాలిన్ మందులు మొదట గట్టిగా చేసి తర్వాత ఇంకా పెళుసు చేస్తాయి.

నెల తిరగ్గానే నయం కాలేదని మానేయకూడదు. విడిపోయిన పొర మళ్లీ అతుక్కోదు, అది పెరిగి కత్తిరించుకుపోవాలి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి కొస దాకా కొత్తది రావడానికి ఆరు నెలల దాకా పడుతుంది. నెలకోసారి ఫోన్‌లో ఫొటో తీసి చూసుకుంటే చీలిక ఎంత వెనక్కి తగ్గిందో తెలుస్తుంది.

ఇవన్నీ అంచు దగ్గర అడ్డంగా లేచే పొరల సంగతి. గోటి మొదట్లో చర్మం ఎర్రగా ఉబ్బి, నొక్కితే నొప్పిపెడితే, చీము కారితే అది వేరే జబ్బు. తడిచేతుల పనివాళ్లకు గోటి మొదట్లో మూతలా ఉండే సన్నటి చర్మం ఊడి, ఆ సందులో వాపు వచ్చి సూక్ష్మజీవులు చేరతాయి. గోరు పసుపుపచ్చగా దళసరిగా మారి పొడిపొడిగా రాలితే ఫంగస్ కావచ్చు. కాలి గోళ్లు కూడా పెళుసైతే, గోళ్లు చెంచాలా గుంటపడితే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒకే గోటి మీద నిలువుగా నల్లటి గీత వచ్చి వెడల్పవుతుంటే అసలు ఆలస్యం చేయకూడదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, అక్కడ చూపించుకోవచ్చు.