చక్రం ఆడితే బేరింగే పోయిందా? జాకీ ఎక్కించి చూసే పరీక్షపై అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో కూడా అదే కథ. ముందు ఎడమ చక్రం బేరింగ్ వేరే చోట రెండుసార్లు మార్పించుకుని, స్పీడ్ బ్రేకర్ దగ్గర 'టక్' అనే చప్పుడు తగ్గక ఒకాయన మా షెడ్డుకి వచ్చారు. బండి చిన్న హ్యాచ్‌బ్యాక్. పాత బేరింగ్ కవర్లో పెట్టుకుని మరీ తెచ్చారు. చేత్తో తిప్పి చూశాను. అందులో ఏ లోపమూ లేదు. తీసి పక్కన పెట్టాల్సిన అవసరమే లేని బేరింగ్ అది. ఇలాంటివి తరచూ చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: జాకీ ఎక్కించి పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం ఆడుతోంది. అంటే హబ్ బేరింగ్ పోయినట్టే.

జనం జేబులు ఎక్కువగా ఖాళీ చేస్తున్నది ఈ నమ్మకమే. డబ్బుతో పోతే పర్వాలేదు, ఇందులో ప్రాణాపాయం కూడా ఉంది.

టైరుని గడియారంలో 12, 6 అంకెలున్న చోట పట్టుకుని ఒక చేత్తో లాగుతూ రెండో చేత్తో నెట్టినప్పుడు మీ చేతికి తగిలే కదలిక బేరింగ్‌లోనే పుట్టిందని ఎవరూ చెప్పలేరు. టైరు నుంచి బాడీ దాకా వరసగా చాలా జాయింట్లు ఉన్నాయి. టైరు రిమ్ముకి, రిమ్ము హబ్బుకి, హబ్బు బేరింగ్ ద్వారా దాన్ని మోసే నకల్ అనే లోహపు ముక్కకి, నకల్ కింద బాల్ జాయింట్ ద్వారా లోయర్ ఆర్మ్‌కి, పైన స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసిన స్ట్రట్‌కి, పక్కన స్టీరింగ్ నుంచి వచ్చే టై రాడ్ ఎండ్‌కి. ఈ వరసలో ఎక్కడ వదులున్నా టైరు అంచున కదలికగానే తేలుతుంది. పైగా చిన్న కారులో కూడా టైరు అంచు హబ్ మధ్య నుంచి దాదాపు జానెడున్నర దూరంలో ఉంటుంది. లోపల కంటికి ఆనని వదులు కూడా అక్కడికి వచ్చేసరికి పెద్దదిగా కనిపిస్తుంది.

కాబట్టి ఊపడం పరీక్షలో సగమే. మిగతా సగం బ్రేక్. ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కి ఉంచమనండి, మళ్ళీ 12-6 దగ్గర ఊపండి. బ్రేక్ పడగానే ప్యాడ్లు డిస్కుని పట్టేస్తాయి. ఆ ప్యాడ్లని పట్టుకునే క్యాలిపర్ నకల్‌కి బిగించి ఉంటుంది కాబట్టి హబ్బూ నకలూ ఒకే ముద్దగా కదులుతాయి. వాటి మధ్యనున్న బేరింగ్‌కి ఆడే చోటు ఉండదు. బ్రేక్ తొక్కగానే కదలిక పోయిందంటే వదులు బేరింగ్‌లో ఉన్నట్టు. తొక్కినా అంతే ఆడుతోందంటే వదులు నకల్ అవతల ఉంది. ఎక్కువగా లోయర్ బాల్ జాయింట్‌లో, అప్పుడప్పుడు స్ట్రట్ బోల్టుల దగ్గర.

కళ్ళతోనూ చూడాలి. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు టార్చి వేసి రెండు చోట్ల చూడాలి. డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య సందు మారుతూ ఉంటే బేరింగ్. నకల్‌కీ లోయర్ ఆర్మ్‌కీ మధ్య సందు మారుతూ ఉంటే బాల్ జాయింట్. అనుమానం ఉంటే ఆర్మ్‌కీ నకల్‌కీ మధ్య టామీ రాడ్ దూర్చి మెల్లగా పైకెత్తి దించి చూడండి. రబ్బరు బూట్ చిరగకుండా చూసుకోవాలి.

పైన చెప్పిన హ్యాచ్‌బ్యాక్‌కి చేసింది ఇంతే. బాడీ కింద ఎత్తి, స్టాండ్ పెట్టి, 12-6 ఊపాను. స్పష్టంగా ఆడింది. మా కుర్రాడు బ్రేక్ తొక్కాడు. అప్పుడూ అంతే ఆడింది. టార్చి వేస్తే డిస్కు, రేకు మధ్య సందు మారలేదు. ఆర్మ్ చివర మాత్రం బాల్ పిన్ తన గూట్లో ఎగిరెగిరి పడుతోంది. బూట్ చిరిగి గ్రీజంతా కారిపోయి, లోపల మట్టి చేరి ఉంది. ఆ బండికి బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది కాబట్టి ఆర్మ్ సెట్టే మార్చాం. తర్వాత మళ్ళీ ఊపి చూస్తే కదలిక లేదు, రోడ్డు మీద టక్ చప్పుడూ పోయింది. ఆయన అడిగింది ఒక్కటే. "బాబూ, ఇన్నాళ్ళూ ఇలాగే పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను. ఏమయ్యేది?" నేను అబద్ధం చెప్పలేదు. బాల్ జాయింట్ పూర్తిగా అరిగితే పిన్ గూట్లోంచి ఊడి చక్రం పక్కకి మడత పడుతుంది, ఆ తర్వాత స్టీరింగ్ చేతిలో ఉండదు. బేరింగ్ అనుకుని మార్చి పంపేస్తే అసలు ప్రమాదం అలాగే మిగిలిపోయింది. నాకు కోపం వచ్చేది దీనికే. పెడల్ మీద కాలు వేసి చూడటానికి నిమిషం కూడా పట్టదు.

ఇప్పుడు 9-3 పట్టు. ముందు చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే వచ్చే కదలికలో స్టీరింగ్ వాటా కూడా ఉంటుంది. రెండో ముందు చక్రం కూడా దానితో పాటు తిరుగుతుంటే అది మామూలు స్టీరింగ్ కదలికే, కంగారు వద్దు. అది కదలకుండా ఇదొక్కటే చిన్నగా టక్కుమంటే టై రాడ్ ఎండ్, ఆ రాడ్ లోపలి చివరనున్న రాక్ ఎండ్ చూడాలి. 12-6లో కదలక 9-3లోనే ఆడితే బేరింగ్ మీద అనుమానం బాగా తగ్గుతుంది. బేరింగ్‌లో వదులు ఏ పక్క పట్టుకున్నా తెలుస్తుంది. వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం, అంటే టార్షన్ బీమ్ ఉన్న కార్లలో వెనక చక్రానికి బాల్ జాయింటే ఉండదు కాబట్టి అక్కడ పని సులువు. ఆడితే బేరింగో, హబ్ బోల్టులో, వీల్ నట్లో.

వీల్ నట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఊపడానికి ముందు వాటిని బిగించి చూడండి. పంక్చర్ వేయించుకున్నాక నట్లు వదులుగా ఉండి బేరింగ్ అనుకుని వచ్చినవాళ్ళు ఉన్నారు.

అపోహ: జాకీ ఎక్కడ పెట్టినా చక్రం గాల్లో ఉంటే చాలు.

చాలదు. స్ట్రట్ ఉన్న చిన్న కార్లలో బండి బరువు స్ప్రింగ్ ద్వారా నేరుగా నకల్ మీద పడుతుంది. వాటిని కంపెనీ చెప్పిన బాడీ పాయింట్ దగ్గర ఎత్తాలి. తెలియక లోయర్ ఆర్మ్ కింద జాకీ పెడితే బండి బరువు బాల్ జాయింట్‌ని నొక్కి ఉంచుతుంది, అరిగిన జాయింట్ కూడా గట్టిగా ఉన్నట్టే నటిస్తుంది. ఇన్నోవా క్రిస్టా లాంటి, పైనా కిందా రెండు ఆర్మ్‌లుండే డబుల్ విష్‌బోన్ బండ్లలో స్ప్రింగ్ లోయర్ ఆర్మ్ మీద కూర్చుంటుంది. అక్కడ ఇది తారుమారు. ఛాసిస్ కింద ఎత్తితే స్ప్రింగ్ ఆర్మ్‌ని కిందికి తోసి జాయింట్‌ని బిగబట్టి ఉంచుతుంది, ఆ బలాన్ని మన చేతులు గెలవలేవు. ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కి దగ్గరగా ఎత్తితేనే వదులు బయటపడుతుంది.

ఎలా ఎత్తినా కింద స్టాండ్ ఉండాలి, నేల మీదున్న చక్రాలకి అడ్డు ఉండాలి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండిని బలంగా ఊపితే జాకీ జారుతుంది.

అపోహ: చక్రం ఆడలేదు, కాబట్టి బేరింగ్ బాగుంది.

ఇది మొదటి దానికి అద్దంలో బొమ్మ. హైదరాబాద్ రోడ్ల మీద క్యాబ్ తిప్పే ఒక తమ్ముడు అరవై దాటగానే బండి 'ఊఁ' అని మూలుగుతోందని రెండు షెడ్లకి వెళ్ళాడు. ఊపి చూసి ఏమీ లేదని పంపారు. టైర్లు కూడా మార్చాడు పాపం. ఇప్పటి కార్లలో వచ్చే రెండు వరసల సీల్డ్ బేరింగ్‌ని కొంచెం బిగువుతోనే తయారు చేస్తారు. గుండ్లు తిరిగే దారి మీద గుంటలు పడటం, పొరలు లేవడం మొదలైనా ఆ బిగువు వల్ల చాలాకాలం వదులు కనపడదు. చప్పుడు ముందు వస్తుంది, ఆట తర్వాత వస్తుంది.

అందుకని ఊపాక చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో అరచేతిని కాయిల్ స్ప్రింగ్ మీద ఆనించండి. బేరింగ్ గరుకెక్కి ఉంటే స్ప్రింగ్‌లో సన్నని జర్రు తగులుతుంది, చెవికి వినపడకపోయినా చేతికి తెలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడటం ఇంకో దారి. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే ఎడమ బేరింగ్‌ని అనుమానించాలి. టైరు చప్పుడైతే సాధారణంగా ఇలా మారదు, రోడ్డు మారితే మారుతుంది. ఆ తమ్ముడి బండికి కుడి బేరింగ్ మూలిగింది. ఊపితే వెంట్రుకవాసి కూడా ఆడలేదు.

అపోహ: నట్టు బిగిస్తే ఆట పోతుంది.

బండిని బట్టి. టేపర్ రోలర్ బేరింగ్‌లున్న పాత జీపులు, చాలా లారీలలో నట్టుతో సర్దుబాటు చేయొచ్చు. అక్కడ సన్నని ఆట ఉండాలి కూడా, 0.025 నుంచి 0.125 మి.మీ. దాకా మామూలు. ఆ సన్నని ఆట చేతికి తగిలిందని పూర్తిగా బిగించేస్తే బేరింగ్ వేడెక్కి కాలిపోతుంది. సీల్డ్ హబ్ యూనిట్లలో సర్దుబాటు అనేదే లేదు. వాటికి చాలా మాన్యువల్స్ ఇచ్చే హద్దు 0.05 మి.మీ., అది కొలవడానికి డయల్ గేజ్ కావాలి. చేతికి స్పష్టంగా టక్కుమని తగిలితే హద్దు దాటిపోయినట్టే. అప్పుడు యాక్సిల్ నట్టు వదులై ఉందేమో మొదట చూడండి. వదులైతే కొత్త నట్టు వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి రెంచ్‌తో బిగించి, మళ్ళీ ఊపండి. అప్పటికీ ఆడితే బేరింగ్ అయిపోయింది. ఇంకా బలంగా బిగించడం వైద్యం కాదు. ఆ నట్టు పూర్తిగా బిగించకముందు బండిని చక్రాల మీద దించొద్దు, కొత్త బేరింగ్ కూడా అక్కడే దెబ్బతింటుంది.

బేరింగ్‌లు రెండు వైపులా జతగా మార్చాలన్న మాట నిజం కాదు, పోయినవైపే మార్చండి. ఏబీఎస్ ఉన్న బండికి బేరింగ్‌లో అయస్కాంతపు ముఖం ఉంటే అది సెన్సర్ వైపే ఉండాలి. తిరగేసి కొడితే ఏబీఎస్ లైటు వెలుగుతుంది.

"ఇప్పుడు బండి ఇంటిదాకా నడపొచ్చా?" అని అందరూ భయంగా అడుగుతారు. మూలుగు మాత్రమే ఉండి, ఏ వైపు పట్టుకున్నా ఆడకపోతే నెమ్మదిగా దగ్గర్లోని షెడ్డుకి తీసుకెళ్ళొచ్చు, హైవే ఎక్కొద్దు. మూలుగుతో పాటు ఆట కూడా ఉన్నా, ఏబీఎస్ లైటు వచ్చినా, బ్రేక్ తొక్కినప్పుడు కూడా 12-6లో ఆడుతున్నా అక్కడే ఆపి టోయింగ్ బండిని పిలవండి.