సొంత మాటేనా, ఎప్పుడో విన్న మాటా?

ఒక చక్కని వాక్యం పూర్తి రూపంతో మనసులో మెరిసినప్పుడు, అది తన సొంతమేనన్న నమ్మకం రాసినవారికి సహజంగానే కలుగుతుంది. అయితే ఆ వాక్యం నిజంగా కొత్తదా, ఏదో ప్రసిద్ధ సూక్తికి తెలియకుండా పలికిన ప్రతిధ్వనా అని తేల్చవలసి వస్తే, అన్నిటికంటే తక్కువ విలువ ఇవ్వవలసిన సాక్ష్యం ఆ నమ్మకమే. విన్న మాటనూ, దాన్ని ఎక్కడ విన్నామన్న సంగతినీ మన జ్ఞాపకం ఒకే మూటగా కట్టి దాచదు. మాట నిలిచి, చోటు చెరిగిపోవడం మామూలే. అలా మిగిలిన మాట ఎన్నాళ్లకో పైకి వచ్చినప్పుడు గుర్తుకొచ్చినట్టుగా కాక, అప్పుడే తట్టినట్టుగా అనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని క్రిప్టోమ్నీసియా అంటారు.

1989లో అలన్ బ్రౌన్, డానా మర్ఫీ అనే పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూపించారు. నలుగురేసి మనుషులను కూర్చోబెట్టి, ఆటల పేర్లు, నాలుగు కాళ్ల జంతువుల పేర్లు వంటివి వంతులవారీగా చెప్పమన్నారు. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. ఆ తర్వాత ఎవరు చెప్పినవి వారినే గుర్తు చేసుకోమని, పైగా అంతవరకు ఎవరూ చెప్పని పేర్లు మరికొన్ని చేర్చమని అడిగారు. పక్కవారు చెప్పినదాన్ని తమదిగానో, కొత్తదిగానో ఇచ్చిన సందర్భాలు సుమారు 3 నుంచి 9 శాతం దాకా ఉన్నాయి. తరువాతి కాలంలో స్టార్క్, పర్ఫెక్ట్ అనే ఇద్దరు పరిశోధకులు గమనించిన విషయం సూక్తులు రాసేవారికి ఇంకా దగ్గరిది. ఇతరుల ఆలోచనను ఊరికే ఊహించుకున్నవారికంటే, దాన్ని ఇంకా మెరుగ్గా చేయడానికి ప్రయత్నించినవారు కొన్నాళ్లకు అది తమదేనని చెప్పడం చాలా ఎక్కువగా కనిపించింది. విన్న మాటను మనసులో తిప్పి తిప్పి నునుపు చేసే అలవాటున్నవారికే ఈ ప్రమాదం ఎక్కువన్నమాట.

రచయిత మనసును అడిగి లాభం లేదు కనుక వాక్యాన్నే అడగాలి. ఇక్కడ పాత తాళపత్రాలను పరిష్కరించే పండితుల పద్ధతి ఒకటి పనికివస్తుంది. రెండు ప్రతుల్లో సరైన పాఠం ఒకేలా ఉండటం వల్ల వాటి బంధుత్వం గురించి ఏమీ తేలదు. ఒకే తప్పు రెండింటిలోనూ ఉంటేనే అవి ఒకే మూలం నుంచి దిగాయని అనుమానించాలి. సూక్తుల విషయంలోనూ అంతే. భావం తనంతట తాను కోరే పోలికకు సాక్ష్యంగా విలువ లేదు. భావం కోరకపోయినా రెండుచోట్లా కనిపించే పోలికకే విలువ.

ఈ కొలతను ఒక ప్రసిద్ధ ఉదాహరణకు పెట్టి చూద్దాం. 1933 మార్చి 4న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, మనం భయపడవలసింది ఒక్క భయానికేనని అన్నాడు. భయానికే భయపడతానన్న మాట 16వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత మాంటేన్ దగ్గరే ఉంది. భయం అంత భయపడదగినది మరొకటి లేదని అమెరికా రచయిత థోరో 1851లో తన దినచర్యలో రాసుకున్నాడు. రూజ్వెల్ట్‌కు ప్రసంగాలు రాసిన వారిలో ఒకడైన శామ్యూల్ రోజెన్‌మన్, ప్రమాణ స్వీకారానికి కొద్ది రోజుల ముందు థోరో పుస్తకం ఒకటి రూజ్వెల్ట్ దగ్గర ఉందన్న కథనాన్ని నమోదు చేశాడు. ఇది చదివితే కేసు ముగిసినట్టే అనిపిస్తుంది.

కానీ ప్రసంగం చిత్తుప్రతిపై పనిచేసిన రేమండ్ మోలీ మరోలా చెప్పాడు. ఆ వాక్యాన్ని చేర్చింది రూజ్వెల్ట్ సన్నిహితుడు లూయిస్ హౌ అనీ, అతడు దాన్ని ఒక పెద్ద దుకాణం పత్రికా ప్రకటనలో చూశాడనీ మోలీ కథనం. మరో ఆధారం కూడా ఉంది. అమెరికా వాణిజ్య మండలికి చెందిన జూలియస్ బార్న్స్, ఇలాంటి పరిస్థితిలో అన్నిటికంటే భయపడవలసింది భయానికేనని ఆర్థిక మాంద్యాన్ని ఉద్దేశించి అన్న మాట 1931 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది. ఇక్కడ పోలికలను విడదీసి చూడాలి. జనం భయపడి డబ్బు తీసుకోవడానికి ఎగబడటం వల్లే బ్యాంకులు మూతపడుతున్న రోజుల్లో, భయమే అసలు శత్రువు అన్న భావం ఎవరికైనా తట్టగలదు. ఆ పోలికకు సాక్ష్యం బలం లేదు. అయితే 'ఫియర్ ఇట్‌సెల్ఫ్' అన్న పదాల జంట బార్న్స్‌లోనూ రూజ్వెల్ట్‌లోనూ ఉంది, థోరో వాక్యంలో లేదు. సందర్భం కూడా వీరిద్దరిదీ ఒకటే. కనుక నా అంచనాలో ఆ మాట గొప్ప పుస్తకం నుంచి కాక, అప్పటి పత్రికల గాలి నుంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. ప్రసిద్ధమైన పోలిక దొరకగానే వెతకడం ఆపేసేవారు చేసే పొరపాటు ఇదే: పేరున్న మూలం కనబడిందంటే అదే మూలమని కాదు.

ఇక తెలుగులోకి వద్దాం. ఒకరు ఈ మాట కొత్తగా కల్పించారనుకుందాం: 'ఇంట్లో దీపానికి నూనె లేదు, వీధిలో దివిటీల ఊరేగింపు.' వినగానే 'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత' గుర్తుకొస్తుంది. అయితే లోపల లేమి, పైన ఆడంబరం అన్న భావాన్ని పట్టుకొని దీన్ని నకలు అనడం అన్యాయం. 'తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె' అన్నదీ అదే భావం. ఆ రెండు సామెతల్లో ఒకటి మరొకదానికి నకలని ఎవరూ అనరు. భావం కోరని అంశాలేవో చూడాలి. బయటి ఆడంబరాన్ని పట్టుబట్టలతో చెప్పవచ్చు, విందుతో చెప్పవచ్చు, మేడతో చెప్పవచ్చు. వాటన్నిటినీ వదిలి ఊరేగింపును ఎంచుకోవడంలో పల్లకీ జాడ ఉంది. ముందు ఇల్లు, తరువాత వీధి అన్న వరుస కూడా అక్కడిదే. మొదటి సగంలో 'లేదు' అని ఆగడం, నూనె ప్రస్తావన రావడం మాత్రం మీసాల సామెతను తలపిస్తాయి. రెండు పాత సామెతలు కలిసి ఒక కొత్త వాక్యంగా పైకి వచ్చాయని నా తీర్పు. పదాల్లో 'ఇంట్లో' తప్ప మొదటి సామెతతో ఉమ్మడిగా ఏమీ లేదు కనుక, పదాలను బట్టి మాత్రమే వెతికేవారికి ఈ బంధుత్వం అసలు కనబడదు.

వెతకడంలో తెలుగు పెట్టే ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. మాట చివర విభక్తి మారితే రూపమే మారుతుంది: 'భయమే', 'భయాన్నే', 'భయానికే' అన్నవి వెతుకులాటలో వేర్వేరు మాటలు. సంధి కలిసినా, విడిపోయినా ఫలితాలు మారతాయి. పాత ముద్రణల్లో అరసున్న, బండి ఱ ఉంటాయి. అందువల్ల పూర్తి వాక్యంతో ఒకసారి వెతికి ఊరుకోకుండా, అందులో అరుదైన పదాన్ని ఒక్కదాన్నే, విభక్తి లేకుండా, మరో పదంతో జత చేసి వెతకడం మేలు. ఇంత చేసినా, పుట బొమ్మలుగా మాత్రమే ఉన్న పాత పుస్తకాల్లోని అక్షరాలు వెతుకులాటకు అందవు. వాటి కోసం సామెతల సంకలనాలను చేత్తో తిరగేయాలి. కెప్టెన్ కార్ 1868లో మద్రాసులో ప్రచురించిన తెలుగు సామెతల సంకలనం ఆ పని మొదలుపెట్టడానికి మంచి చోటు. ఎక్కడా దొరకకపోతే 'ఇంతవరకు వెతికినచోట కనబడలేదు' అని, వెతికిన చోట్ల పేర్లతో సహా రాయడం సబబు. 'ఇది పూర్తిగా కొత్తది' అని రాయడానికి ఆ ఆధారం చాలదు.