రెండు "రామ నీ" కీర్తనలు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పిల్లలకు పాట చెప్తాను. మొన్న త్యాగరాజ ఆరాధనకు ముందు మా విద్యార్థిని ఒకామె "సార్, 'రామ నీ' వచ్చేసింది, ఖరహరప్రియ రాగంలోది" అంది. మృదంగం వాయించే అబ్బాయి "తాళం రూపకమా, ఆదా?" అని అడిగితే జవాబు లేదు. ఫోన్లో ఎవరో పంపిన రికార్డు విని, తనను పాడమన్నది కాక రెండోది నేర్చుకుంది.

అపోహ: రాగం, మొదటి మాట తెలిస్తే కీర్తన తెలిసినట్టే.

వాస్తవం: "రామ నీ సమానమెవరు", "రామ నీయెడ ప్రేమ రహితులకు" రెండూ త్యాగరాజస్వామివే, రెండూ ఖరహరప్రియే. ముందు ఆలాపన వింటే ఏది రాబోతుందో చెప్పలేం. పల్లవి దాటినా చిక్కు తీరదు. ఒకదాని అనుపల్లవి "భామ మరువంపు మొలక", రెండోదాని అనుపల్లవి "కామినీ వేషధారికి". "రామ"కు రెండూ మకార ప్రాసే. మైకు సరిగా లేకపోతే చెవికి ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి.

తేడా తాళంలో ఉంది. మొదటిది రూపకం, రెండోది ఆది. రికార్డు పెట్టి, "రామ" పడిన చోట మొదటి దెబ్బ వేసి, రెండు దెబ్బలు, అరచేయి తిప్పి వేసే ఒక ఉసి చొప్పున మూడేసి లెక్కపెట్టండి. రూపకమైతే పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ "రామ" ఆ మొదటి దెబ్బ మీదే పడుతుంది. ఆది అయితే జారుతుంది: ఎనిమిది లెక్కల తర్వాత తిరిగొస్తే ఉసి మీద, పదహారు తర్వాత వస్తే రెండో దెబ్బ మీద. ఇరవై నాలుగు లెక్కలకు మళ్లీ కలిసిపోతుంది కాబట్టి ఒక్కసారి కలిసిందని ఆగకండి, ఇంకో రెండు సార్లు చూడండి.

కచేరీలో అయితే ఇంకా తేలిక. పాడేవారి చేతిని చూడండి. మొదటి దెబ్బ తర్వాత చిటికెనవేలు కదిలిందా, అది ఆది.

అపోహ: తాళం ఒక్కటి చాలు.

వాస్తవం: ఈ రెంటిని విడదీయడానికే చాలు. "చక్కని రాజమార్గములు" కూడా ఖరహరప్రియే, తాళమూ ఆదే.

అపోహ: వాగ్గేయకారుడు ఒకరే, రాగం ఒకటే, కాబట్టి భావమూ ఒకటే.

వాస్తవం: పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, నాకు బాధ కలిగేదీ ఇక్కడే. "సమానమెవరు" మురిసిపోయే పాట. సీతమ్మను మరువపు మొలక అంటుంది, భక్తి అనే పంజరంలో చిలక అంటుంది. చరణంలో తేనెలొలికే మాటలాడే తమ్ముళ్లను తలుచుకుంటుంది. "నీయెడ" నిలదీసే పాట. ప్రేమ లేనివాడికి నామరుచి తెలుస్తుందా, పులి ఆవు రూపం వేస్తే శిశువుకు పాలొస్తాయా అని అడుగుతుంది. "తెలుసునా" దగ్గర ఆ ప్రశ్న వినిపించాలి.

మా అమ్మాయి "తెలుసునా"ను కూడా మురిపెంగా సాగదీసి పాడింది. రెండూ పక్కపక్కన రాయించి అర్థం చెప్పాక, ఆ మాటను తనే కుదించుకుంది.