ఈమెయిలా, ఈ-మెయిలా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు డీటీపీ సెంటర్లలో ఒకే కరపత్రంలో ఈ మాట మూడు రకాలుగా కనిపిస్తుంటుంది.

అపోహ: e-mail అన్నదే సరైనది, email తప్పు.

రెండూ సరైనవే, కాలం వేరు. ఎలక్ట్రానిక్ అనే మాటలో మొదటి అక్షరాన్ని మెయిల్‌కు తగిలించిన కొత్తలో, చదివేవాళ్లు తడబడకుండా మధ్యలో గీత పెట్టారు. మాట అలవాటయ్యాక గీతతో పని తీరిపోయింది. ఇంగ్లీషులో today కూడా ఒకప్పుడు to-day గానే ఉండేది. అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్‌బుక్ 2010లో వెబ్‌సైట్‌ను ఒకే మాటగా కలిపింది, 2011లో ఈమెయిల్‌లో గీత తీసేసింది.

అయితే గీత అన్నిచోట్లా పోదు. జర్మన్‌లో Email అంటే ఎనామిల్ పూత. అందుకే వాళ్లు ఇప్పటికీ E-Mail అని గీతతోనే రాస్తారు. పాత మాటతో గొడవ వచ్చేచోట గీత నిలబడుతుంది.

అపోహ: తెలుగులో ఎలా రాసినా ఒకటే.

మనకూ అలాంటి గొడవే ఉంది. తెలుగులో 'ఈ' అంటే 'ఇది' అని చూపించే మాట. ఒక నోటీసులో ఇలా ఉందనుకోండి: "ఈ మెయిల్ ద్వారా వచ్చిన దరఖాస్తులే తీసుకుంటాం." చదివినవాళ్లు 'ఏ మెయిల్?' అని కింద అడ్రస్ కోసం వెతుకుతారు. 'ఈమెయిల్ ద్వారా' అని కలిపి రాస్తే ఆ అనుమానమే రాదు. గీత పెట్టినా అర్థం తెలుస్తుంది గానీ, కాలమ్ ఇరుకైతే 'ఈ-' పై లైన్ చివర మిగిలి 'మెయిల్' కిందికి జారుతుంది. అందుకే కలిపి రాయడమే మేలని మా అభిప్రాయం. ఇమెయిల్ అని హ్రస్వంతో రాసేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు. ఒక పుస్తకంలో ఒకటే రూపం ఉండాలి, అంతే.

అపోహ: రీప్లేస్ ఆల్ నొక్కితే అన్నీ సరిపోతాయి.

నొక్కకండి. "ఈ మెయిల్ నిన్న వచ్చింది" అన్నచోట నిజంగానే 'ఈ' వేరే మాట. అదీ కలిసిపోతుంది. ఫైండ్‌లో ఒక్కొక్కటీ చూసి మార్చాలి. ఈ-మెయిల్, ఇమెయిల్, ఇ-మెయిల్ రూపాలను విడివిడిగా వెతకాలి. ఒకటి వెతికితే మిగతావి దొరకవు.

విభక్తి చేర్చేటప్పుడు ఇంకో చిక్కు. యూనికోడ్‌లో 'ఈమెయిల్' పక్కనే 'కు' కొడితే 'ఈమెయిల్కు' అని ల కింద క ఒత్తు పడుతుంది. పొల్లు తర్వాత కనబడని అక్షరం ఒకటి పెట్టాలి. వర్డ్‌లో అయితే `200C` అని కొట్టి వెంటనే `Alt+X` నొక్కండి, తర్వాత 'కు' కొట్టండి. 'ఈమెయిల్‌కు' అని విడిగా వస్తుంది.

అడ్రస్ లోపలున్న గీత జోలికి మాత్రం వెళ్లకండి. అది స్పెల్లింగ్ కాదు, అడ్రస్‌లో భాగం. తీసేస్తే ఉత్తరం చేరదు. లైన్ చివర సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేర్చే గీతతోనూ అదే ప్రమాదం కాబట్టి, అడ్రస్ ఉన్న పేరాకు హైఫనేషన్ ఆపేయండి.