ఎవరి తప్పూ కాకపోతే కంపెనీ తప్పూ కాదా? అపోహలు - వాస్తవాలు

పని చోట జరిగే ప్రమాదాలపై విచారణ చేయడం నా ఉద్యోగం. ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది ఒక్కటే: "ఇంతకీ తప్పు ఎవరిది?" ఒక పేరు దొరికితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. దొరక్కపోతే "ఏం చేస్తాం, దురదృష్టం" అని ఫైలు మూసేస్తారు. బాధితులకు ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

అపోహ: ఏ ఒక్క ఉద్యోగి వల్లా జరగలేదంటే కంపెనీకి బాధ్యత లేనట్టే.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగా రేవు నుంచి బయల్దేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే, ప్రయాణికులనూ వాహనాలనూ మోసే బ్రిటిష్ ఫెర్రీ ముందు తలుపులు తెరిచే ఉండగా సముద్రంలోకి వచ్చింది. కార్ల డెక్‌లోకి నీళ్లు చేరి నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు.

తలుపులు మూయాల్సిన అసిస్టెంట్ బోసన్ అనే డెక్ ఉద్యోగి క్యాబిన్‌లో నిద్రపోతున్నాడు. మూశాడో లేదో చూసుకోవాల్సిన చీఫ్ ఆఫీసర్, అతను వస్తున్నాడనుకుని ఓడను నడిపే చోటైన బ్రిడ్జి మీదకు వెళ్లిపోయాడు. ఓడ బయల్దేరే ముందు ఆయన అక్కడ కూడా ఉండాలని కంపెనీ ఆర్డరే ఉంది. కెప్టెన్‌కు బ్రిడ్జి నుంచి ఆ తలుపులు కనబడవు. ఏదైనా లోపముంటేనే చెప్పాలి, ఎవరూ ఏమీ చెప్పకపోతే అంతా సిద్ధమని అనుకోవాలి. అక్కడి పద్ధతి అది.

కంపెనీ కథ అంతకుముందే మొదలైంది. 1983లో ఇదే కంపెనీ ఓడ మరొకటి తలుపులు తెరిచే బయల్దేరింది, అప్పుడూ కారణం నిద్రే. తర్వాత కెప్టెన్లు తలుపులు మూశారో లేదో చూపే సూచిక లైటు బ్రిడ్జి మీద పెట్టించమని రాసి అడిగారు. ఆఫీసు పట్టించుకోలేదు. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే అదే తరహా మిగతా ఓడల్లో ఆ లైట్లు అమర్చారు. అంటే అది చేయలేని పని కాదు.

1990లో కంపెనీతో పాటు ఏడుగురి మీద నరహత్య కేసు నడిచింది. కంపెనీ మీద అలాంటి కేసు పెట్టవచ్చని జడ్జి ఒప్పుకున్నారు. కానీ అప్పటి చట్టం ప్రకారం కంపెనీ దోషి కావాలంటే, దాన్ని నడిపే స్థాయిలో ఉన్న ఒక వ్యక్తి స్వయంగా దోషి కావాలి. ఉదాహరణకు పాత ఘటన ఒకరికి తెలుసు, తలుపులు కనబడవని ఇంకొకరికి తెలుసు, లైటుకు డబ్బు మంజూరు చేసే అధికారం మరొకరిది అనుకుందాం. ఈ మూడూ ఒకే మనిషి దగ్గర ఉంటే ఘోర నిర్లక్ష్యం కావచ్చు. ముగ్గురి దగ్గర విడివిడిగా ఉంటే వాటిని కలిపి కంపెనీ నేరంగా లెక్కించడానికి అప్పటి చట్టం ఒప్పుకోలేదు, కేసు వీగిపోయింది. తెలిసినవన్నీ కలిపి చూసే కుర్చీ అసలు లేకపోవడమే ఆ కంపెనీ చేసిన తప్పు. దాన్ని పట్టుకునే మార్గం ఆ చట్టంలో లేదు.

ఇలాంటి కేసుల అనుభవంతోనే బ్రిటన్ 2007లో కార్పొరేట్ మ్యాన్‌స్లాటర్ చట్టం, అంటే కంపెనీల నరహత్య నేరానికి చట్టం, తెచ్చింది. ఇప్పుడు ఒక దోషిని వెతకనక్కర్లేదు. పనిని నడిపించిన తీరులోనే ఘోర లోపం ఉందా, అందులో పై యాజమాన్యం పాత్ర గణనీయమా అన్నది చూస్తారు. అయితే ఆ "పై యాజమాన్యం" షరతు వల్ల పెద్ద కంపెనీలను పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే. మొదట్లో శిక్ష పడినవి ఎక్కువగా చిన్న కంపెనీలే.

నేను చూసిన ఒక విచారణలో కింది ఉద్యోగి రాసిన హెచ్చరిక నాలుగు టేబుళ్లు తిరిగింది. ప్రతి చోటా మార్జిన్‌లో ఒకే వాక్యం: "సంబంధిత విభాగానికి పంపడమైనది." ఆ సంబంధిత విభాగం ఏదో ఎవరూ రాయలేదు. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ దాచలేదు. అందుకే నేను "ఎవరు చేశారు" కన్నా ముందు "ఈ కాగితం ఎవరి దగ్గర ఆగాలి" అని అడుగుతాను. జవాబు రాకపోతే లోపం అక్కడే ఉన్నట్టు.

అపోహ: అందరి బాధ్యత అంటే సంతకం పెట్టిన నేనూ జైలుకే.

ఈ భయంతో రాత్రుళ్లు నిద్రపోని వాళ్లను చూశాను. తోటివాళ్లు పుట్టించే పుకార్లే ఆ టెన్షన్‌కు సగం కారణం. కంపెనీ బాధ్యత ఉద్యోగుల మీద తలా ఇంత అని పంచేది కాదు. మీకు ఏం తెలుసు, మీ చేతిలో ఏముంది, మీరు ఏం చేశారు అన్నంతవరకే మీ లెక్క. చూసిన లోపాన్ని రాసి, తేదీ వేసి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. చూడని దాని మీద మాత్రం సంతకం పెట్టకండి.

అపోహ: కంపెనీని శిక్షిస్తే మనుషులు తప్పించుకుంటారు.

రెండూ వేర్వేరు దారులు. 2007 చట్టం కింద కంపెనీకి పరిమితి లేని జరిమానా వేయవచ్చు, లోపం సరిదిద్దమని ఆదేశించవచ్చు, శిక్ష సంగతి నలుగురికీ తెలిసేలా ప్రకటించమనవచ్చు. ఆ నేరం కింద వ్యక్తులను విచారించరు. వాళ్ల ఘోర నిర్లక్ష్యానికి మామూలు నరహత్య చట్టం, భద్రతా చట్టాలు అలాగే ఉన్నాయి. ఒకే ప్రమాదానికి రెండు కేసులూ నడపవచ్చు.