ముప్ఫై మూడు మాటల వాక్యం: తగవు ఎక్కడ మొదలైంది?

వాక్యానికి ఇన్ని మాటలే ఉండాలని నియమం పెట్టాలా వద్దా అన్న తగవు సంపాదకుల బల్లల దగ్గర మళ్లీ రాజుకుంది. పన్నెండు మాటలు దాటితే కత్తెర వేయాలని ఒక పక్షం అంటోంది. అలా కత్తిరించిన కథనాలు టెలిగ్రాముల్లా ఉంటున్నాయని రెండో పక్షం విసుక్కుంటోంది. గ్రాంథిక, వ్యావహారిక వాదాల పోరు, అందులో గిడుగు పాత్ర అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. పైగా ఇప్పటి తగవుకు ఆ పోరుతో చుట్టరికం తక్కువ. వాడుక భాష గెలిచింది, నిజమే. కానీ చిక్కు వాక్యం కూడా బట్టలు మార్చుకుని ఆ భాషలోకే వచ్చి కూర్చుంది. ‘చేయుచున్న’ పోయి ‘చేస్తున్న’ వచ్చిందే తప్ప, వాక్యంలో అది కూర్చునే చోటు మారలేదు.

నన్నడిగితే ఈ కథ 1948లో మొదలవుతుంది, అదీ తెలుగుతో సంబంధం లేని చోట. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ ఫ్లెష్ ఆ ఏడాది ఒక సూత్రం ప్రచురించాడు. ఇంగ్లిషు రచన ఎంత తేలికగా చదవవచ్చో అంకెల్లో చెప్పే సూత్రమది. వచ్చిన అంకె వందకు దగ్గరైతే సులువు, సున్నాకు దగ్గరైతే కష్టం. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఆయన్ను సలహాదారుగా పెట్టుకుంది. చిన్న వాక్యం మంచి వాక్యమన్న మాట అలా వార్తల గదుల్లోకి కొలబద్దతో సహా వచ్చింది. కొలబద్ద ఇదీ:

```
206.835 − 1.015 × (మాటలు ÷ వాక్యాలు) − 84.6 × (అక్షరాలు ÷ మాటలు)
```

దీన్ని తెలుగు మీద పెట్టి చూడండి. ‘స్థానికుల ధర్నాతో రాకపోకలు స్తంభించాయి’ అన్న వాక్యంలో నాలుగు మాటలున్నాయి. ఇంగ్లిషువారు సిలబుల్ అనే దాన్ని మన అక్షరంగా తీసుకుంటే పదహారు అక్షరాలు. లెక్క వేస్తే దాదాపు మైనస్ 136 వస్తుంది. చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు కూడా తెలిసే వాక్యానికి సున్నా కన్నా నూట ముప్ఫై ఆరు మెట్లు కిందన చోటు! తప్పు వాక్యానిది కాదు. విభక్తి, కాలం, వ్యతిరేకం, కారణం అన్నీ తెలుగులో మాటకే అతుక్కుంటాయి. ‘రాయలేకపోతున్నందువల్ల’ అనే ఒక్క మాటలో ఉన్నదాన్ని ఇంగ్లిషులో చెప్పాలంటే నాలుగైదు మాటలు కావాలి. కాబట్టి మాటలు లెక్కపెట్టి వాక్యం బరువు చెప్పడం ఇక్కడ కుదరదు. సూత్రంలోని రెండో సగం పనికిరాదని మనవాళ్లకూ తెలిసినట్టుంది, దాని జోలికి ఎవరూ పోలేదు. మొదటి సగం మాత్రం, అంటే వాక్యానికి ఇన్ని మాటలన్న భాగం, పరిమితి రూపంలో మిగిలిపోయింది. పన్నెండు మాటల పక్షానికి మూలపురుషుడు ఫ్లెషే అని నా అనుమానం.

అయితే కత్తెర పక్షం ఊరికే పుట్టలేదు. కత్తిరించవలసిన వాక్యాలు నిజంగానే ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. తాటాకుల మీద వాక్యం చివర చుక్క లేదు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా లేదు. క్రియ వచ్చిందంటే వాక్యం ముగిసినట్టు. ఆ రోజుల్లోనూ పొడుగు వచనం ఉండేది. కానీ అది ఎక్కువగా ఇలా నడిచేది: లేచి, ముఖం కడుక్కుని, గుమ్మంలోని పేపరు తీసి, మొదటి పేజీ తిరగేసి, నిట్టూర్చి, మళ్లీ పడుకున్నాడు. (పేపరు నా చేర్పు.) ‘లేచి’, ‘తీసి’ వంటి ఈ క్రియలను వ్యాకరణం క్త్వార్థకాలంటుంది. చేసేవాడు ఒక్కడే, పనులు జరిగిన వరుసలోనే వస్తాయి. ఒక్కో పని ముగియగానే పాఠకుడు దాన్ని కింద పెట్టి తరువాతి దాన్ని అందుకుంటాడు. ఇలాంటి వాక్యం ఇరవై మాటలున్నా బరువనిపించదు.

బరువు టెలిప్రింటర్‌తో వచ్చింది. 1949లో పనిలోకి దిగిన పీటీఐ వార్తా సంస్థ పంపే వార్తలు తెలుగు పత్రికలకు ఇంగ్లిషులోనే అందేవి. వార్తలోని మొదటి వాక్యంలోనే ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నీ ఇమడ్చాలన్నది ఇంగ్లిషు వార్తల పద్ధతి. ఇంగ్లిషులో అది సాగుతుంది. ముందు మనిషి పేరు వస్తుంది, ఆ వెంటనే అతనేం చేశాడో వస్తుంది, వివరాలు రైలు పెట్టెల్లా వెనక తగులుకుంటాయి. ఎక్కడ ఆపినా సగం వార్త చేతికి వచ్చేసి ఉంటుంది. తెలుగులో విశేషణం నామవాచకానికి ముందు ఉండాలి, క్రియ చివర ఉండాలి. అర్ధరాత్రి పేజీ మూసే తొందరలో ఒక వాక్యాన్ని ఒక వాక్యంగానే తెచ్చిన సబ్‌ఎడిటర్, వెనక ఉన్న పెట్టెలన్నిటినీ ఇంజను ముందుకు నెట్టాడు. ఎడిటర్లు మారారు, టెలిప్రింటర్లు పోయాయి, అలవాటు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు నేరుగా తెలుగులో రాసే విలేకరి కూడా ఇలాగే రాస్తున్నాడు:

‘గత నెలలో కురిసిన భారీ వర్షాలకు కొట్టుకుపోయిన వంతెన స్థానంలో తాత్కాలికంగా ఏర్పాటు చేసిన ఇనుప వంతెనపై భారీ వాహనాలను అనుమతించరాదని ఇంజినీర్లు చేసిన సూచనను పట్టించుకోకుండా లారీలను వదిలిన అధికారులపై చర్యలు తీసుకోవాలని డిమాండు చేస్తూ స్థానికులు చేపట్టిన ధర్నా కారణంగా రాకపోకలు స్తంభించాయి.’

ఈ నమూనా నేను కూర్చినదే, కానీ ఇలాంటివి ఏ రోజు పేపరులోనైనా దొరుకుతాయి. ముప్ఫై మూడు మాటలు. వ్యాకరణం ప్రకారం వేలు పెట్టి చూపగల తప్పు లేదు. కురిసిన, కొట్టుకుపోయిన, ఏర్పాటు చేసిన, ఇంజినీర్లు చేసిన, వదిలిన, చేపట్టిన: ఆరు చోట్ల క్రియ విశేషణంగా మారి తరువాతి నామవాచకం ముందు నిలబడింది. వాక్యాన్ని ముగించే సమాపక క్రియ మాత్రం ఒక్కటే, అది చిట్టచివరి మాట. వర్షం దగ్గర మొదలుపెట్టిన పాఠకుడు వార్త వర్షం గురించనుకుంటాడు. తరువాత వంతెన అనుకుంటాడు, ఆ పైన ఇంజినీర్లు, ఆ పైన అధికారులు. చివరికి అది రాకపోకల గురించి. క్త్వార్థకాల వాక్యంలో చేసేవాడు ఒక్కడే అయితే, ఇక్కడ ప్రతి మెట్టు దగ్గరా మారిపోతాడు. చిక్కు పొడుగులో లేదు, ఈ మారిపోవడంలో ఉంది. కనిపెట్టడమూ కష్టం కాదు. ‘-ఇన’, ‘-అని’లతో ముగిసే మాటల కింద గీతలు గీస్తూ పోండి. ఒక్క సమాపక క్రియకు మూడు గీతలు దాటి, చేసేవాళ్లు కూడా వేరువేరుగా ఉంటే అక్కడ విడదీయాలి.

కత్తెర పక్షం దీన్ని ఇలా విడదీస్తుంది: ‘గత నెలలో భారీ వర్షాలు కురిశాయి. వంతెన కొట్టుకుపోయింది. తాత్కాలికంగా ఇనుప వంతెన ఏర్పాటు చేశారు. దానిపై భారీ వాహనాలను అనుమతించరాదని ఇంజినీర్లు సూచించారు. అధికారులు లారీలను వదిలారు. స్థానికులు ధర్నా చేశారు. రాకపోకలు స్తంభించాయి.’ ఏడు వాక్యాలు, ప్రతిదీ తేలికే. ఫోనులో చదివేవారికి ఇదే హాయి అన్నది వారి వాదన. కానీ రాలిపోయినవి చూడండి. ‘పట్టించుకోకుండా’ అన్న మాట పోయింది, దానితో అధికారుల తప్పు కూడా పోయింది. ఇంజినీర్ల సూచన ఒక సంఘటన, లారీలు వదలడం ఇంకో సంఘటన, రెంటికీ ముడి లేదు. ధర్నా ఎందుకో తెలియదు, ఎందుకంటే డిమాండును కత్తెర తినేసింది. అసలు వార్త ఏడో వాక్యంలో ఉంది. చిక్కు విప్పమంటే దారమే తెంపేశారు.

నేను విడదీస్తే ఇలా వచ్చింది: ‘స్థానికుల ధర్నాతో రాకపోకలు స్తంభించాయి. గొడవంతా ఇనుప వంతెన గురించే. గత నెల భారీ వర్షాలకు పాత వంతెన కొట్టుకుపోతే, దాని స్థానంలో దీన్ని తాత్కాలికంగా వేశారు. దీని మీదికి భారీ వాహనాలను పంపవద్దని ఇంజినీర్లు సూచించారు. ఆ మాట పట్టించుకోకుండా అధికారులు లారీలను వదిలారు. ఆ అధికారులపై చర్యలు తీసుకోవాలన్నదే స్థానికుల డిమాండు.’

ఇందులో నేను ముందుగా కదిపింది చివరి క్రియను. అదే వార్త కాబట్టి దాన్ని తెచ్చి తలకు పెట్టాను. తరువాత ప్రతి వాక్యం మొదట్లో పై వాక్యం తాలూకు కొస ఒకటి ఉండేలా చూశాను: ధర్నా తరువాత ‘గొడవంతా’, వంతెన తరువాత ‘పాత వంతెన’, ఆ తరువాత ‘దీని మీదికి’, సూచన తరువాత ‘ఆ మాట’. పేరాను నడిపిస్తున్నవి ఇవే. ‘మరియు’, ‘అంతేకాకుండా’, ‘ఈ నేపథ్యంలో’ వంటివి ఒక్కటీ అవసరం రాలేదు. అన్నిటినీ విడగొట్టలేదు కూడా. వాన, పాత వంతెన, కొత్త వంతెన ఒకే వాక్యంలో ఉన్నాయి. ‘కొట్టుకుపోతే’లోని ‘-తే’ కారణాన్ని మోస్తోంది, దాన్ని విరిస్తే ఇంకో వాక్యం పెట్టి ఆ కారణం మళ్లీ చెప్పాలి. చివరి వాక్యంలో మొదట ‘వారిపై’ అని రాశాను. పక్కన కూర్చున్న మిత్రుడు చదివి, ‘ఎవరిపై, ఇంజినీర్లపైనా?’ అన్నాడు. ఒకే వాక్యంలో ఉన్నప్పుడు వ్యాకరణం కాపాడుతున్న సంబంధాన్ని, విడగొట్టాక సర్వనామం ఒక్కటే మోయాలి. మనుషుల గుంపులు రెండు ఎదురుపడిన చోట దానికా బలం ఉండదు. అందుకే ‘ఆ అధికారులపై’ అని మార్చాను.

అసలు కత్తిరించనే వద్దు, పొడుగు వాక్యం తెలుగు సొత్తు అనేవారూ కొందరున్నారు. వారు చూపించే ఉదాహరణలు మాత్రం దాదాపు అన్నీ క్త్వార్థకాల వాక్యాలే. వాటి జోలికి ఎవరూ పోవడం లేదు.

ఇక మిగిలింది పేజీ కట్టేవారి అభ్యంతరం. అది న్యాయమైనదే. ముప్ఫై మూడు మాటల వాక్యం నా చేతిలో ముప్ఫై తొమ్మిది మాటల పేరా అయింది. ఆరు మాటలు ఎక్కువ, చోటు మాత్రం అంతే. అర్ధరాత్రి ఎవరో ఒకరు ఆ ఆరింటినీ తీసేయాలి. కథనానికి నష్టం లేదనిపించి అందరికన్నా ముందు చెయ్యి పడేది ‘గొడవంతా ఇనుప వంతెన గురించే’ అన్న నాలుగు మాటల వాక్యం మీద, ఆ తరువాత ‘ఆ మాట పట్టించుకోకుండా’ మీద.