క్యాలెండర్ స్క్రీన్‌షాట్ చూసి పనిదినాలు, మిగిలిన సెలవులు లెక్కించడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కార్యాలయంలో సెలవుల ఖాతా చూసే పని నాది. నెలాఖరున ఉద్యోగులు తమ ఫోన్‌లోని క్యాలెండర్‌ను స్క్రీన్‌షాట్ తీసి పంపి, ఎన్ని రోజులు పనిచేసినట్టు, ఎన్ని సెలవులు మిగిలినట్టు అని అడుగుతారు. అలా వచ్చిన ఒక స్క్రీన్‌షాట్‌నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. అది 2025 ఆగస్టు నెలది, పంపినది శని, ఆదివారాలు సెలవుండే మా కార్యాలయంలోని ఒక ఉద్యోగిని. దసరాకు ఊరు వెళ్లడానికి తన ఖాతాలో ఎన్ని సెలవులు ఉంటాయో తెలుసుకోవాలన్నది ఆమె ఉద్దేశం.

అపోహ: నెలలోని రోజుల్లోంచి శని, ఆదివారాలను, ఆ తర్వాత జాబితాలోని పండుగలను తీసేస్తే పనిదినాలు వస్తాయి.

వాస్తవం: ఆగస్టులో 31 రోజులు. ఆ నెల శుక్రవారం మొదలైంది కాబట్టి ఐదు శనివారాలు, ఐదు ఆదివారాలు వచ్చాయి. అవి పోగా 21 మిగులుతాయి. సెలవుల జాబితాలో స్వాతంత్ర్య దినోత్సవం 15న, శ్రీకృష్ణాష్టమి 16న, వినాయక చవితి 27న ఉన్నాయి. మూడూ తీసేసి ఆమె 18 అని రాసింది. అయితే 16వ తేదీ శనివారం, దాన్ని శనివారాల్లో ఒకసారి తీసేశాం. తీయవలసినవి 15, 27 మాత్రమే కాబట్టి అసలు పనిదినాలు 19. అదే ఏడాది అక్టోబరు 2న గాంధీ జయంతి, దసరా ఒకే రోజు వచ్చాయి. జాబితాలో రెండు పేర్లున్నా పోయేది ఒక్క రోజే. అందుకే పండుగల పేర్లను కాకుండా తేదీలను లెక్కపెట్టాలి, ప్రతి తేదీకి ఒక్క గుర్తు మాత్రమే వేయాలి.

స్క్రీన్‌షాట్‌లో ఇంకొక చిక్కు కూడా ఉంటుంది. ఆదివారంతో మొదలయ్యే గడుల్లో ఆ నెల ఆరు వరుసలు పట్టింది. మొదటి వరుసలో జూలై తేదీలు, చివరి వరుసలో సెప్టెంబరు తేదీలు వెలిసిన రంగులో కనిపిస్తాయి. సరిచూసుకోవడానికి వాటినే వాడుకోవచ్చు. ఆరు వరుసల్లో సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉన్న గడులు 30. వాటిలో జూలైవి నాలుగు, సెప్టెంబరువి ఐదు తీసేస్తే మళ్లీ 21 రావాలి. రాకపోతే ఎక్కడో పక్క నెల తేదీ కలిసిందన్నమాట. కంప్యూటర్ దగ్గర ఉంటే, ఎక్సెల్ షీటులో మూడు పండుగల తేదీలను A1 నుంచి A3 వరకు రాసి, ఈ సూత్రంతోనూ చూసుకోవచ్చు:

```
=NETWORKDAYS(DATE(2025,8,1),DATE(2025,8,31),A1:A3)
```

ఇది 19 చూపుతుంది, ఎందుకంటే శనివారం పడిన పండుగను ఇది రెండోసారి తీసివేయదు. ఆదివారం ఒక్కటే వారాంతపు సెలవుగా ఉన్న కార్యాలయాలవారు దీనికి బదులు NETWORKDAYS.INTL వాడి, మూడో స్థానంలో 11 అని ఇచ్చి, A1:A3ను నాలుగో స్థానానికి జరపాలి. వారికి అదే నెల 23 పనిదినాలు. రెండో శనివారం కూడా సెలవైతే 9వ తేదీని A4లో రాసి, సూత్రంలో A1:A3ను A1:A4గా మార్చాలి, అప్పుడు 22 వస్తుంది.

అపోహ: క్యాలెండర్‌లో పండుగ పేరు కనిపిస్తే ఆ రోజు కార్యాలయానికి సెలవే.

వాస్తవం: ఫోన్ క్యాలెండర్ చూపే పండుగల జాబితా మీ కార్యాలయపు జాబితా కాదు. ఆ ఏడాది ఆగస్టు 8న వచ్చిన వరలక్ష్మీ వ్రతం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జాబితాలో సాధారణ సెలవు, తెలంగాణలో ఐచ్ఛిక సెలవు. మా కార్యాలయంలోనూ అది ఐచ్ఛికమే, అంటే వాడుకున్నవారికి ఏడాదికి ఇచ్చే రెండు ఐచ్ఛిక సెలవుల్లోంచి తగ్గుతుంది తప్ప మామూలు సెలవుల్లోంచి తగ్గదు. రంజాన్, బక్రీద్, మిలాద్ వంటివి నెలవంక దర్శనాన్ని బట్టి మారవచ్చు కాబట్టి, పాత స్క్రీన్‌షాట్‌లోని తేదీని ప్రకటన వచ్చాక మరోసారి సరిచూడాలి.

అపోహ: చివరి తేదీలోంచి మొదటి తేదీని తీసేస్తే వాడిన సెలవులు వస్తాయి.

వాస్తవం: ఆమె 14వ తేదీ గురువారం, 18వ తేదీ సోమవారం సెలవు పెట్టింది. 18లోంచి 14 తీసేస్తే 4 వస్తుంది, రెండు చివరలనూ కలిపితే 5 వస్తుంది. ఆమె ఖాతాలో తగ్గింది మాత్రం 2. మధ్యలోని 15 పండుగ, 16, 17 వారాంతం. అయితే ఈ 2 అన్నది మా నిబంధన వల్ల వచ్చిన సంఖ్య. రెండు సెలవుల నడుమ చిక్కిన సెలవు దినాలను కూడా లెక్కలో వేసే కార్యాలయాల్లో, అంటే శాండ్‌విచ్ లీవ్ నిబంధన ఉన్నచోట, ఇదే చిత్రానికి జవాబు 5. ప్రభుత్వోద్యోగుల విషయంలో ఈ తేడా ఒకే మనిషికి కూడా వస్తుంది: క్యాజువల్ లీవ్ పెడితే మధ్యలోని సెలవు దినాలు లెక్కలోకి రావు, అదే 14 నుంచి 18 వరకు ఎర్న్‌డ్ లీవ్ పెడితే ఐదు రోజులూ ఖాతాలోంచి పోతాయి. కాబట్టి స్క్రీన్‌షాట్ మాత్రమే పంపి ఎన్ని తగ్గాయని అడిగేవారిని, ఏ రకం సెలవు పెట్టారని నేను తిరిగి అడగక తప్పదు.

అపోహ: ఏడాది కోటాలోంచి వాడినవి తీసేస్తే మిగిలిన బ్యాలెన్స్ వస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది తడబడేది ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చెబుతాను. ఆమె ఏడాది కోటా 18. జూలై ఆఖరుకు వాడినవి ఏడున్నర. ఆగస్టులో 8, 14, 18, 26, 28 తేదీలకు గుర్తులున్నాయి కాబట్టి ఐదు రోజులుగా లెక్కించి, 18లోంచి పన్నెండున్నర తీసేసి, ఐదున్నర మిగిలాయని ఆమె తేల్చింది.

ఈ లెక్కలో నాలుగు పొరపాట్లున్నాయి. మా దగ్గర 18 సెలవులూ జనవరిలోనే జమ కావు, నెలకు ఒకటిన్నర చొప్పున పడతాయి. ఆగస్టు వరకు జమ అయినవి 12 మాత్రమే. గత ఏడాది నుంచి వచ్చిన 4 సెలవులను ఆమె కలపలేదు. 8వ తేదీది ఐచ్ఛిక సెలవు, దాన్ని ఇక్కడ తీయకూడదు. 26న చవితి ముందురోజు ఆమె మధ్యాహ్నం నుంచి మాత్రమే సెలవు తీసుకుంది. గడి మొత్తానికి రంగు పడినా అది అర రోజే. ఇప్పుడు సరిగా రాస్తే, 12కు 4 కలిపితే 16. జూలై వరకు వాడిన ఏడున్నర పోతే ఎనిమిదిన్నర. ఆగస్టులో 14, 18 తేదీలకు రెండు, 26కు అర పోతే 6. మిగిలింది 28వ తేదీ. దాని గడికి రంగు బదులు గీతల గుర్తు ఉంది, అంటే దరఖాస్తు ఇంకా మంజూరు కాలేదు. మంజూరైతే బ్యాలెన్స్ 5, కాకపోతే 6. కొన్ని యాప్‌లు దరఖాస్తు చేసిన వెంటనే తగ్గించి చూపుతాయి, కొన్ని మంజూరయ్యాకే తగ్గిస్తాయి. తెరపైని సంఖ్యను నమ్మేముందు మీ యాప్ ఏది చేస్తుందో తెలుసుకోవాలి.

ఆమె చెప్పిన ఐదున్నరకూ అసలు సంఖ్య 5కూ తేడా అరే కాబట్టి, ఆమె తన లెక్క దాదాపు సరైనదే అనుకుంది. నాకు కలవరం కలిగించేది సరిగ్గా ఇదే. జమ కాని ఆరింటిని కలపడం, వెనకటి నాలుగింటిని వదలడం, ఒకటిన్నర రోజులు ఎక్కువగా తీయడం, ఇవన్నీ ఒకదాన్నొకటి చెరిపేసుకుని సంఖ్యను దగ్గరగా తెచ్చాయి. గత ఏడాది నుంచి వచ్చిన సెలవులు లేని మరో ఉద్యోగి ఇదే పద్ధతిలో లెక్కిస్తే, బ్యాలెన్స్ ఒకటే ఉండగా ఐదున్నర ఉన్నాయనుకుని ప్రయాణానికి టికెట్లు తీసుకుంటాడు. ఆపై వాడిన రోజులు జీతం కోతలోకి వెళ్తాయి.

28వ తేదీ సెలవు మరుసటి రోజు మంజూరైంది. ఆగస్టులో ఆమె పనిచేసిన రోజులు 19లోంచి ఐచ్ఛికం ఒకటి, పూర్తి సెలవులు మూడు, అర రోజు పోగా పద్నాలుగున్నర. దసరా సంగతికి వస్తే, సెప్టెంబరు ఒకటిన, అక్టోబరు ఒకటిన ఒకటిన్నర చొప్పున పడతాయి కాబట్టి, మధ్యలో మరేమీ వాడకపోతే పండుగ నాటికి ఆమె ఖాతాలో 8 ఉంటాయని రాసి పంపాను.